పులుపు చాటున తీపి: వెలగ షర్బతు, చింతపండు పానకం గురించి కొన్ని నిష్ఠురాలు

శ్రీరామనవమి పందిళ్ళు విప్పిన నాటి నుండి మృగశిర కార్తె వచ్చే వరకు నా ఫోనులోకి ఒకే రకమైన సందేశం పదేపదే వస్తూ ఉంటుంది. సారాంశం ఇది: సీసాల్లో అమ్మే కూల్ డ్రింకులు విషం, వాటిని మానండి. వెలగపండు షర్బతు, చింతపండు పానకం తాగండి. ఇవి సహజం కనుక షుగరు వారికీ, బీపీ వారికీ కూడా అమృతతుల్యం. చక్కెర బదులు బెల్లం, మామూలు ఉప్పు బదులు సైంధవ లవణం వేసుకుంటే ఎంత తాగినా దోషం లేదు.

ఈ సందేశంలో మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. తక్కిన వాక్యాలతోనే నా తగవు. ఏనుగు మింగిన వెలగపండు సామెత తెలుగువారికి కొత్త కాదు. పైకి కాయ నిండుగా కనిపిస్తుంది, లోపల గుజ్జు ఉండదు. ఈ సలహా కూడా సరిగ్గా అలాంటిదే. దాన్ని పగులగొట్టి లోపల ఏముందో చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక స్పష్టత అవసరం. ఉత్తరాదిన బేల్ షర్బతు అని అమ్మేది మారేడు పండుతో చేసినది, వెలగతో కాదు. రెండింటికీ గట్టి పెంకు ఉండటం వల్ల చాలామంది ఒకటే అనుకుంటారు. మారేడు గుజ్జు పసుపుగా, కమ్మగా, తియ్యగా ఉంటుంది. వెలగ గుజ్జు గోధుమరంగులో పుల్లగా, కొంచెం వగరుగా ఉంటుంది. వినాయక చవితికి పత్రితో పాటు తెచ్చుకునే కాయ, పెరుగు పచ్చడి చేసుకునే పండు వెలగ. మారేడు గురించి విన్న గుణాలన్నీ వెలగకు అంటగట్టి ప్రచారం చేసేవారిని నమ్మే ముందు, వారు ఏ పండు గురించి మాట్లాడుతున్నారో అడగండి. ఈ తేడా మనకు మరొక కారణం వల్ల కూడా ముఖ్యం. పుల్లని పండుతో పానీయం చేస్తే తీపి ఎక్కువ పడుతుంది.

ఒక ఇంటి లెక్క

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఉన్నారు. వయస్సు అరవై రెండు. పదేళ్ళుగా మధుమేహం, ఆరేళ్ళుగా రక్తపోటు. మందులు వేళకు వేసుకుంటారు, కాఫీలో చక్కెర మానేశారు, పెళ్ళి భోజనాల్లో జిలేబీ వైపు చూడరు. ఫిబ్రవరిలో ఆయన పరగడుపు షుగరు 124, రక్తపోటు 132/82. మే రెండవ వారంలో నా దగ్గరకు కాగితాలు పట్టుకుని వచ్చేసరికి పరగడుపున 168, భోజనం తరువాత 262, రక్తపోటు 152/92.

"డాక్టరు గారూ, తీపి ముట్టుకోలేదండీ. మందు పనిచెయ్యడం మానేసినట్టుంది" అన్నారు ఆవేదనతో.

ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన దృష్టిలో తీపి అంటే మిఠాయి. దాహానికి ఏం తాగుతున్నారని అడిగితే అప్పుడు బయటపడింది. ఫోనులో వచ్చిన సలహా ప్రకారం ఉదయం రెండు గ్లాసుల వెలగ షర్బతు, సాయంత్రం రెండు గ్లాసుల చింతపండు పానకం. అన్నీ ఇంట్లో చేసినవే, బయట కొన్నవి కావు. ఆ మాట ఆయన ఎంతో గర్వంగా చెప్పారు.

మరునాడు నేను వారింటికి వెళ్ళి, ఆయన భార్య ఎప్పటిలాగే పానీయాలు తయారు చేస్తుండగా ప్రతి వస్తువునూ వంటింటి త్రాసులో తూచాను. నా ఈ విచారణ ఆ ఇల్లాలికి కొంచెం కష్టం కలిగించి ఉండవచ్చు, కానీ ఆమె ఓపికగా సహకరించారు.

వెలగ షర్బతుకు ఒక మధ్యరకం పండు పగులగొట్టి గుజ్జు తీశారు. నీళ్ళలో పిసికి, గింజలూ పీచూ వడగట్టి పారేశారు. యాలకుల పొడి, చిటికెడు మిరియాల పొడి వేశారు. బెల్లం చేతి అంచనాతో కొట్టి వేశారు. తూస్తే 100 గ్రాములు. మొత్తం నాలుగు గ్లాసులు, గ్లాసు 200 మిల్లీలీటర్లు. అంటే గ్లాసుకు 25 గ్రాముల బెల్లం.

చింతపండు పానకానికి నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, రసం తీసి, లీటరు నీళ్ళకు కలిపారు. చక్కెర 120 గ్రాములు. ఉప్పు ఒక చెంచా, నల్లుప్పు అర చెంచా, రెండూ కలిపి 9 గ్రాములు. వేయించిన జీలకర్ర పొడి, కొంచెం పుదీనా. అయిదు గ్లాసులు వచ్చాయి. గ్లాసుకు 24 గ్రాముల చక్కెర, సుమారు 1.8 గ్రాముల ఉప్పు.

ఇప్పుడు రోజు మొత్తం కూడండి. రెండు గ్లాసుల షర్బతుతో 50 గ్రాముల బెల్లం, రెండు గ్లాసుల పానకంతో 48 గ్రాముల చక్కెర. మొత్తం 98 గ్రాములు. చెంచా 5 గ్రాముల చొప్పున దాదాపు ఇరవై చెంచాలు. కాఫీలో ఒక చెంచా చక్కెర మానేసినందుకు తనను తాను మెచ్చుకుంటున్న మనిషి, ఇరవై చెంచాలు తెలియకుండా తాగుతున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికే, రోజుకు 2000 కేలరీల ఆహారంలో, పైనుండి కలిపిన చక్కెర 50 గ్రాములు దాటరాదని, 25 గ్రాములలోపు ఉంటే మరింత మేలని చెబుతోంది. ఉప్పు విషయంలో రోజు మొత్తానికి 5 గ్రాములకన్న తక్కువ ఉండాలన్నది అదే సంస్థ సూచన. ఆయన పానకంలోనే 3.6 గ్రాములు పోతున్నాయి. అన్నంలోకి పప్పు, కూర, చారు, ఆవకాయ ఇంకా మొదలే కాలేదు.

కోలా పానీయాల్లో ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆ ఇంటి వెలగ షర్బతులో బెల్లపు తేమ తీసివేసి లెక్కించినా దాదాపు అంతే, చింతపండు పానకంలో అంతకన్న కొంచెం ఎక్కువే. విషమని తిట్టి మానేసిన దానిలో ఎంత తీపి ఉందో, అమృతమని పొగిడి పట్టుకున్న దానిలోనూ అంతే ఉంది. ఇది నా అభిప్రాయం కాదు, త్రాసు చెప్పిన మాట.

నాలుక ఎందుకు మోసపోయింది?

ఇరవై చెంచాల తీపి తాగుతూ కూడా ఆయనకు తీపి తాగుతున్నట్లు ఎందుకు అనిపించలేదు? ఈ ప్రశ్నలోనే అసలు రహస్యం ఉంది.

లీటరు మంచినీళ్ళలో 120 గ్రాముల చక్కెర మాత్రమే కలిపి ఇస్తే ఎవరూ రెండు గుక్కలకు మించి తాగలేరు. మొహం మొత్తుతుంది. అదే నీళ్ళలో చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చేరితే ఆ తీపి హద్దులో ఉన్నట్లు తోస్తుంది. పులుపు తీపిని అణచిపెడుతుంది, తీపి పులుపును అణచిపెడుతుంది. ఉప్పు చేరితే ఈ రెండూ మరింత కుదురుతాయి. ఐసు వేస్తే చల్లదనానికి నాలుక మీద తీపి ఇంకా తగ్గినట్లు అనిపిస్తుంది, అందువల్ల మరొక చెంచా పడుతుంది. ఒక్కొక్క రుచి తక్కిన రుచులకు చాటు. పానీయం రుచిగా ఉందని మనం మెచ్చుకుంటున్నామంటే, ఈ దాపరికం విజయవంతమైందని అర్థం.

ఉప్పు విషయంలో మరీ విచిత్రం. ఆసుపత్రిలో చేతికి ఎక్కించే మామూలు సెలైన్ సీసాలో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ ఇంటి పానకపు కూజాలో ఉన్నదీ సరిగ్గా లీటరుకు 9 గ్రాములే. సెలైన్ నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉందని వెంటనే తెలుస్తుంది. పానకంలో అంత ఉప్పు ఉన్నా "రుచి కుదిరింది" అంటాము తప్ప, ఉప్పగా ఉందని అనము.

కనుక ఈ పానీయాల విషయంలో నాలుకను సాక్షిగా పిలవకండి. త్రాసును పిలవండి.

మూడు అపోహలు

మొదటిది బెల్లం. బెల్లంలో కొంచెం ఇనుము, కొంచెం పొటాషియం ఉన్న మాట నిజం. కానీ దాని బరువులో అత్యధిక భాగం చక్కెరే. చెరకు రసం ఆవిరై గట్టిపడినది బెల్లం, శుభ్రపడి స్ఫటికమైనది పంచదార. ప్రేగులోకి వెళ్ళిన తరువాత రెండింటి నడక ఒకటే. మధుమేహ రోగి రక్తంలో బెల్లం కూడా గ్లూకోజును పంచదారలాగే పెంచుతుంది. తాటిబెల్లం, తేనె, పటికబెల్లం పేర్లు చెప్పి తప్పించుకోజూసే వారికి కూడా ఇదే సమాధానం. రక్తహీనతకు బెల్లం మందనే వారు, గ్లాసులోని 25 గ్రాముల బెల్లంతో వచ్చే ఇనుము ఎంత స్వల్పమో గమనించాలి. ఆ స్వల్పం కోసం అంత చక్కెర మోయనక్కరలేదు.

రెండవది సైంధవ లవణం. దాని రంగు గులాబీ కావచ్చు, ధర ఎక్కువ కావచ్చు, కానీ అది ప్రధానంగా సోడియం క్లోరైడే. నల్లుప్పు కూడా అంతే, దాని ప్రత్యేకమైన వాసన గంధక సమ్మేళనాల వల్ల వస్తుంది. రక్తపోటును పెంచేది సోడియం, రంగు కాదు. పైగా ఈ లవణాలకు సాధారణంగా అయొడిన్ కలపరు. వాటినే ఇంటి ఉప్పుగా మార్చుకున్న వారు ఆ నష్టాన్ని కూడా తలకెత్తుకుంటున్నారు.

మూడవది పండు కాబట్టి మంచిదే అన్న వాదం. వెలగపండును గుజ్జుగా తింటే పీచు కడుపులోకి వెళుతుంది, నమలడానికి సమయం పడుతుంది, రెండు మూడు చెంచాలకే చాలనిపిస్తుంది. షర్బతులో ఆ పీచును చాలావరకు జల్లెడలో వదిలేస్తున్నాము. మిగిలినది పుల్లని నీళ్ళు, కరిగిన బెల్లం. అరనిమిషంలో గొంతు దిగుతుంది. పండుకు ఉన్న మంచిపేరును షర్బతు వారసత్వంగా పొందజాలదు.

వడదెబ్బకు మందు కాదు

ఇక్కడ మరొక ప్రమాదకరమైన మాట ఉంది. ఎండదెబ్బకు, విరేచనాలకు ఈ పానీయాలే మందని కొందరు రాస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్ పొడిలో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉంటాయి, వాటితో పొటాషియం క్లోరైడు, సిట్రేటు కొద్దిగా. ఈ కొలత ప్రేగు నీటిని పీల్చుకోవడానికి అనువుగా నిర్ణయించినది. మన ఉపాధ్యాయుల వారింటి పానకంలో లీటరుకు చక్కెర 120 గ్రాములు. ఇంత చిక్కని తీపి ప్రేగులోకి వెళితే అది నీటిని ఒంట్లోకి పంపకపోగా, ఒంట్లోని నీటినే ప్రేగులోకి లాగుతుంది. విరేచనాలతో ఉన్న పసివాడికి ఇది పట్టిస్తే విరేచనాలు పెరుగుతాయి. అతనికి కావలసింది ఓఆర్ఎస్. ఎండలో తిరిగి స్పృహ తప్పినవారికి, మాట తడబడుతున్నవారికి, ఒళ్ళు కాలిపోతున్నవారికి నోట్లో ఏదీ పోయకూడదు. ఒంటిని తడిపి, గాలి ఆడేలా చూసి, చల్లబరుస్తూనే ఆసుపత్రికి చేర్చాలి.

అయితే న్యాయం రెండవ వైపు కూడా ఉంది. రెంటచింతల ఎండలో ఉపాధి హామీ పనిలో మట్టి తవ్వే కూలీకి చెమటతో నీరూ ఉప్పూ రెండూ పోతాయి. జబ్బులేవీ లేని అటువంటి మనిషి మధ్యాహ్నం ఒక గ్లాసు ఉప్పు వేసిన చింతపండు పానకం తాగితే నేను అడ్డుపడను. నా అభ్యంతరం కూలీకి సరిపడే పానీయాన్ని, ఏసీ గదిలో కూర్చుని టీవీ చూసే రక్తపోటు రోగికి అమృతమని అమ్మడం మీద.

ఎవరెవరు కొలత పాటించాలి?

మధుమేహం ఉన్నవారు, గర్భధారణలో షుగరు కనిపించినవారు మొదటి వరుసలో ఉంటారు. తీయని షర్బతు, పానకం వారికి దాహం తీర్చే పానీయాలు కావు. దాహానికి నీళ్ళు, ఉప్పు తగ్గించిన పల్చటి మజ్జిగ ఉన్నాయి. ఒక్క సందర్భంలో మాత్రం ఈ తీపి వారికి పనికొస్తుంది. మందు ఎక్కువై షుగరు పడిపోయి, చెమటలు పట్టి, చేతులు వణికినప్పుడు 15 గ్రాముల చక్కెర వెంటనే కావాలి. అర గ్లాసు పైచిలుకు షర్బతు ఆ పని చేస్తుంది. అంటే అది వారికి అత్యవసర ఔషధం. ఔషధాన్ని దాహానికి తాగరు కదా.

రక్తపోటు ఉన్నవారు ఉప్పు వేసిన పానకాన్ని పచ్చడితో సమానంగా చూడాలి. గుండె బలహీనపడి కాళ్ళ వాపు, ఆయాసం ఉన్నవారికి ఉప్పుతో పాటు నీటికి కూడా పరిమితి ఉంటుంది. గ్లాసు పానకం ఆ నీటి లెక్కలోకి కూడా వస్తుందని చాలామంది మరచిపోతారు.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. చింతపండు, వెలగ గుజ్జు, బెల్లం మూడింటిలోనూ పొటాషియం ఉంది. దానికి తోడు, బీపీకి మంచిదని "లో సోడియం" ఉప్పు కొని పానకంలో వేసే ఇళ్ళు ఉన్నాయి. ఆ ఉప్పులో సోడియం బదులు పొటాషియం క్లోరైడు కలుపుతారు. దెబ్బతిన్న మూత్రపిండం పొటాషియాన్ని బయటకు నెట్టలేదు. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు కూడా పొటాషియాన్ని పెంచుతాయి. కనుక మీ వైద్యుని అడగకుండా ఆ ఉప్పు ఇంటికి తేకండి.

పిల్లల సంగతి క్లుప్తంగా చెబుతాను. పులుపు, చక్కెర కలిసిన పానీయాన్ని గంటల తరబడి చప్పరిస్తే పంటి పింగాణీ అరుగుతుంది, పళ్ళు పుచ్చుతాయి. ఇచ్చేదేదో భోజనంతో ఒకసారి ఇచ్చి, నీళ్ళతో పుక్కిలింపజేయండి. గుండెల్లో మంట ఉన్న పెద్దలు చింతపండు పానకాన్ని పరగడుపున తాగకపోవడం మేలు.

మరి ఎలా తాగాలి?

చక్కెర తగ్గించమంటే రుచి పోతుందని ఇల్లాళ్ళ ఫిర్యాదు. న్యాయమైనదే. పులుపు అలాగే ఉంచి తీపి ఒక్కటే తగ్గిస్తే పానీయం గొంతు దిగదు. అందుకే నా సలహా తలకిందులుగా ఉంటుంది. ముందు పులుపు తగ్గించండి, తీపి తనంతట తానే తగ్గుతుంది. నిమ్మకాయంత చింతపండు బదులు ఉసిరికాయంత చాలు. అప్పుడు లీటరుకు 40 గ్రాముల బెల్లం, పావు చెంచాకు మించని ఉప్పు సరిపోతాయి. జీలకర్ర, పుదీనా, శొంఠి, మిరియాలు రుచిని నిలబెడతాయి. వాటిలో చక్కెర లేదు, సోడియం లెక్కలోకి రాదు. వెలగపండయితే బాగా మగ్గి, పెంకు పగలగానే సువాసన వచ్చే కాయనే తీసుకోండి. పచ్చి కాయ వగరుకు రెట్టింపు బెల్లం పడుతుంది. గుజ్జును వడగట్టకుండా పెరుగులో కలిపి పచ్చడిగా తినడం షర్బతుకన్న ఎంతో మేలు. గ్లాసు కూడా చిన్నది చేయండి. 200 బదులు 120 మిల్లీలీటర్లు.

చేసిన పానకంలో నీళ్ళు పోసి "పల్చగా చేశాను" అనుకుని కూజా మొత్తం తాగేవారికి ఒక మాట. నీళ్ళు కలిపితే చక్కెర పలచబడుతుంది, మాయమవదు.

బజారులో సీసాల్లో దొరికే షర్బతు సిరప్‌లలో బరువులో సగానికి మించి చక్కెరే ఉండటం పరిపాటి. ఒక పెద్ద చెంచాడు సిరప్‌తో దాదాపు 12 గ్రాములు వస్తుంది. సీసా మీద సోడియం మిల్లీగ్రాముల్లో రాసి ఉంటే దాన్ని రెండున్నరతో గుణించండి, ఉప్పు ఎన్ని మిల్లీగ్రాములో తేలుతుంది.

ఇవేవీ నమ్మబుద్ధి కాకపోతే నన్ను నమ్మవద్దు. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే ఒకరోజు షర్బతు తాగే ముందు ఒక చుక్క, తాగిన గంటకు ఒక చుక్క, రెండు గంటలకు ఒక చుక్క పరీక్షించండి. ఆ మూడు అంకెలు ఫోనులో వచ్చిన సందేశం కన్న నిజాయితీగా మాట్లాడతాయి.

మన ఉపాధ్యాయులు మందులు ఏమీ మార్చకుండా, తమ వైద్యునికి చెప్పి, మూడు వారాల పాటు రెండు పానీయాలూ మానేశారు. జూన్ మొదటి వారంలో పరగడుపు షుగరు 132, రక్తపోటు 136/84. మందు పనిచెయ్యడం మానలేదు. మందు ఒకవైపు లాగుతుంటే కూజా రెండవ వైపు లాగింది, అంతే. ఇప్పుడు ఆ ఇంట్లో చింతపండు డబ్బా పక్కనే వంటింటి త్రాసు ఉంటుంది. ఆదివారం నాడు ఒక చిన్న గ్లాసు, కొలిచి చేసినది, భోజనంతో తాగుతారు. అందుకు నాకు ఏ అభ్యంతరమూ లేదు.

వెలగ చెట్టు మీద నాకు కోపం లేదు, చింత చెట్టు మీద అంతకన్నా లేదు. వాటి పేరు చెప్పి గ్లాసులో అయిదు చెంచాల చక్కెర పోసి, దానికి ఆరోగ్యమని చీటీ అంటించే వారి మీదే నా ఆగ్రహం. ఈసారి ఆ సందేశం మీకు వస్తే ముందుకు పంపకండి. పంపినవారిని ఒక్క ప్రశ్న అడగండి: గ్లాసుకు ఎన్ని గ్రాములు?